అట్ట మీద తడి ముద్ర, చీలమండ బయట నొప్పి: ఒక రన్నర్ కేసు

ఆయన క్లినిక్‌లోకి వస్తూనే సంచిలోంచి ఒక అట్టముక్క తీసి టేబుల్ మీద పెట్టారు. పార్సిల్ డబ్బా నుంచి కత్తిరించిన మందపాటి గోధుమరంగు అట్ట అది. దాని మీద రెండు పాదాల ఆకారాలు నీలం పెన్నుతో గీసి ఉన్నాయి. మడమ నుంచి వేళ్ల దాకా ఎక్కడా సన్నబడకుండా ఒకే పలకలా ఉన్నాయవి.

"మేడమ్, నాది ఫ్లాట్ ఫుట్. ఇదిగో చూడండి. దానికి తగ్గ బూట్లే చూసి కొన్నాను. మరి నొప్పి ఎందుకొచ్చింది?" అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పరిగెత్తేవాళ్ల కాళ్ల నొప్పులే ఎక్కువగా చూస్తాను. ఇలా అట్టతోనో, ఫోన్‌లో ఫోటోతోనో వచ్చేవాళ్లు కొత్త కాదు. ఈ కేసుని వివరంగా రాయడానికి కారణం, తడి పాదంతో అడుగు వేసి, పడిన ముద్రని బట్టి అరికాలి వంపుని అంచనా వేసే తడి పాదం పరీక్షకి ఉన్న హద్దులన్నీ ఆ ఒక్క అట్టముక్కలో దాదాపు ఒకేచోట కనిపించడం. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను.

వయసు 41. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఎనిమిది నెలలుగా పరిగెత్తుతున్నారు, వారానికి సుమారు 12 కిలోమీటర్లు. మొదట్లో పాదాన్ని ఎటూ సరిదిద్దని మామూలు న్యూట్రల్ బూట్లు వాడారు, ఏ ఇబ్బందీ లేదు. అవి అరిగిపోయాక, ఈసారి పాదానికి సరిపడేవి కొనాలనుకుని ఇంట్లో తడి పాదం పరీక్ష చేసుకున్నారు. ముద్ర నిండుగా పడింది. నిండు ముద్ర అంటే వంపు తక్కువ, వంపు తక్కువైతే పాదం లోపలికి వాలుతుంది, అలా వాలితే ఆ వాలడాన్ని ఆపే మోషన్ కంట్రోల్ బూట్లు కావాలి. చాలాచోట్ల కనిపించే లెక్క ఇదే. ఆయన దాన్నే పాటించారు. కొత్త బూట్లు వాడుతున్న మూడో వారంలో కుడి చీలమండ బయటివైపు, ఎముక గుబ్బకి వెనకా కిందా నొప్పి మొదలైంది. నాలుగో వారానికి రెండు కిలోమీటర్లు దాటితే ఆగిపోవాల్సి వస్తోంది.

పరీక్షలో ఆ గుబ్బ వెనక నుంచి దిగే, కండరాన్ని ఎముకకి కలిపే పెరోనియల్ టెండన్ల మీద వేలు పెడితే నొప్పి ఉంది. పాదాన్ని బయటికి తిప్పమని నేను చేత్తో ఆపితే అదే నొప్పి వచ్చింది. మడమకీ చిటికెనవేలికీ మధ్య, పాదం బయటి అంచున ఉండే ఎముక మీద గట్టిగా నొక్కినా నొప్పి లేదు. అది లేకపోవడం ముఖ్యం, ఎందుకంటే అక్కడ నొప్పి ఉంటే ఎముకలో చీలిక గురించి ఆలోచించాలి. చీలమండ మెలిక పడిన చరిత్ర లేదు, వాపు లేదు. పెరోనియల్ టెండన్ల మీద భారం ఎక్కువైందని తేల్చుకున్నాను.

ఇక ఆ అట్ట సంగతి.

"ఈ గీత ఎప్పుడు గీశారు? కాలు తీసిన వెంటనేనా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, మధ్యలో ఫోన్ వచ్చిందని, మాట్లాడి వచ్చాక గీశానని చెప్పారు. ఎంతసేపని అడిగితే ఐదారు నిమిషాలు ఉండొచ్చన్నారు. మందపాటి అట్ట నీళ్లని పీల్చుకుని పక్కలకి పాకిస్తుంది. ముద్రలో మనం చూడాల్సింది పాదం లోపలి అంచున తడి తగలని ఖాళీని. ముందు భాగం నుంచీ మడమ నుంచీ తడి పాకి ఆ ఖాళీనే మూసేస్తుంది. పైగా ఆయన కాలిని బకెట్‌లో ముంచి, తుడవకుండా అడుగు వేశారు. నీళ్లు ఓడుతున్న పాదం కింద, చర్మం తగలని చోట కూడా నీరు చేరుతుంది.

అందుకని క్లినిక్‌లోనే మళ్లీ చేశాం. గ్రాఫ్ కాగితం వేసి, కుడి కాలిని తడిపి, మొదటిసారి ఆయన చేసినట్టే నీళ్లు కారుతుండగా అడుగు వేయమన్నాను. రెండోసారి తడిపాక పాదాన్ని తువ్వాలు మీద ఒక్కసారి అద్ది, అప్పుడు వేయించాను. రెండుసార్లూ రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి, తల ఎదురుగా పెట్టి నిలబడ్డారు. కిందికి వంగి పాదం వైపు చూస్తే బరువు ముందుకి జరుగుతుంది, ముద్ర మారిపోతుంది. ఇంట్లో ఒంటరిగా చేసుకునేవాళ్లు దాదాపు అందరూ వంగి చూస్తారు. రెండుసార్లూ కాలు తీసిన వెంటనే పెన్సిల్‌తో అంచు గీశాను.

కంటితో చూసి "నిండుగా ఉంది", "సగం ఉంది" అనుకోవడం కన్నా కొలవడం మేలు. దానికి ఆర్చ్ ఇండెక్స్ అనే లెక్క ఉంది. కావనా, రోజర్స్ 1987లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. వేళ్ల ముద్రలు వదిలేసి, మిగిలిన ముద్ర పొడవుని మూడు సమాన భాగాలు చేయాలి. మధ్య భాగం వైశాల్యాన్ని మొత్తం వైశాల్యంతో భాగించాలి. 0.21 కన్నా తక్కువ వస్తే ఎత్తు వంపు, 0.26 కన్నా ఎక్కువ వస్తే తక్కువ వంపు, మధ్యలో ఉంటే మామూలు. గ్రాఫ్ కాగితం మీద గడులు లెక్కపెడితే చాలు.

నీళ్లు కారుతున్న ముద్రలో ముందు భాగం 41, మధ్య భాగం 28, మడమ 33 చదరపు సెంటీమీటర్లు వచ్చాయి. మొత్తం 102. 28ని 102తో భాగిస్తే 0.27, అంటే తక్కువ వంపు. అద్దిన పాదం ముద్రలో అవే భాగాలు 39, 23, 31 వచ్చాయి. మొత్తం 93, ఇండెక్స్ 0.25. అంటే మామూలు వంపే. అదే పాదం, అదే మనిషి, మధ్యలో పది నిమిషాలు కూడా గడవలేదు. ఒక తువ్వాలు అద్దితే ఫ్లాట్ ఫుట్ కాస్తా మామూలు పాదమైంది.

ఆయన రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

సరిగ్గా చేసిన ముద్ర అయినా చెప్పేది ఒక్కటే, అరికాలి చర్మంలో ఎంత భాగం నేలకి తగిలిందన్నది. వంపుని కట్టేవి ఎముకలు, లిగమెంట్లు. ముద్ర పడేది మాత్రం వాటి కింద ఉన్న కండ, కొవ్వు, చర్మంతో. ఈయన పాదం లోపలి అంచున, బొటనవేలిని పక్కకి లాగే అబ్డక్టర్ హాలూసిస్ కండరం బాగా ఉబ్బెత్తుగా ఉంది. వేలితో నొక్కితే దాని మందం తెలుస్తోంది. అలాంటి కండ నేలని తాకితే ముద్ర వెడల్పవుతుంది గానీ, దాని పైన ఎముకల వంపు ఎక్కడికీ పోదు. చిన్నపిల్లల ముద్రలు నిండుగా పడటానికి కూడా వాళ్ల అరికాలిలో ఉండే కొవ్వు పొర ఒక ముఖ్య కారణం. బరువు ఎక్కువున్న పెద్దవాళ్ల విషయంలోనూ ఇలాగే పొరబడొచ్చు.

ఎముకల సంగతి తెలియాలంటే ఎముకనే చూడాలి. పాదం లోపలివైపు, చీలమండ గుబ్బకి ముందు కాస్త కిందుగా నావిక్యులర్ ఎముక ముడిలా తగులుతుంది. కూర్చోబెట్టి, పాదాన్ని లోపలికీ బయటికీ వాలకుండా మధ్యస్థంగా పట్టుకుని ఆ ముడి మీద పెన్నుతో చుక్క పెట్టాను. నేల నుంచి ఎత్తు 43 మిల్లీమీటర్లు. నిలబడ్డాక అదే చుక్క 36 దగ్గరుంది. ఏడు మిల్లీమీటర్లు దిగిందన్నమాట. పది మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ దిగుతోందని సాధారణంగా అంటాం. ఈ కొలతలో కూడా చేయి తిరగకపోతే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా సులభంగా వస్తుంది, అందుకని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఆరుకీ ఎనిమిదికీ మధ్యే వచ్చింది.

తర్వాత నిలబడి ఉండగానే ఆయన బొటనవేలిని చేత్తో పైకి ఎత్తాను. వేలు లేస్తుంటే అరికాలి కింద ప్లాంటర్ ఫాసియా అనే గట్టి పట్టీ బిగుసుకుని వంపు కళ్లముందే పైకి లేచింది. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవమంటే మడమ చక్కగా లోపలికి తిరిగింది, కుడివైపు నొప్పితో 14 సార్లు, ఎడమవైపు 22 సార్లు లేచారు. ఇది బిగుసుకుపోయిన పాదం కాదు, కూలిపోతున్న వంపూ కాదు. బరువు పడితే కాస్త దిగి, అవసరమైనప్పుడు లేచే మామూలు పాదం. ఈ కదలిక ఏ ముద్రలోనూ పడదు, ఎందుకంటే ముద్ర కదలకుండా నిలబడిన ఒక్క క్షణానిది.

ఇక అసలు ప్రశ్న, బూట్లు.

ఆయన్ని ఆ బూట్లు తెమ్మన్నాను. బూటు అడుగున మందపాటి ఫోమ్ పొర అయిన మిడ్‌సోల్‌ని లోపలివైపు బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉంది, బయటివైపు నొక్కితే దిగుతోంది. పాదం లోపలికి వాలకుండా ఆపడానికి పెట్టిన గట్టి ఫోమ్ అది. అంతగా వాలని పాదాన్ని దాని మీద పెడితే బరువు బయటి అంచుకి జరిగే అవకాశం ఉంది. అప్పుడు ఆ అంచుని అదుపులో పెట్టే పని పెరోనియల్ కండరాలమీద పడుతుంది. నొప్పి కూడా అక్కడే ఉంది కాబట్టి ఈ వివరణ నాకు సబబుగా అనిపించింది. కానీ దాన్నే కారణమని రాసేసి ఊరుకోలేను. ఆయన ఫోన్‌లో పరుగుల లెక్క చూస్తే, కొత్త బూట్లు కొన్న ఉత్సాహంలో వారానికి 12 కిలోమీటర్ల నుంచి మూడో వారానికల్లా 24కి వెళ్లిపోయారు. బూట్లు మారడం, దూరం రెట్టింపవడం రెండూ ఒకేసారి జరిగాయి. ఏది ఎంత చేసిందో ఈ ఒక్క కేసులో విడదీయడం కుదరదు. దూరం వంతు పెద్దదని నేను అనుకుంటున్నాను.

బూటు లోపల పాదం కింద ఉండే ఇన్‌సోల్‌ బయటికి తీసి, దాని మీద నిలబడమన్నాను. చిన్నపని, కానీ తడి ముద్ర చెప్పలేని సంగతులు ఇక్కడ చాలా బయటపడతాయి. నిలబడినప్పుడు ఆయన పాదం పొడవు 26.4 సెంటీమీటర్లు, ఇన్‌సోల్ 26.9. అంటే ముందు అర సెంటీమీటరే ఖాళీ. పరిగెత్తేటప్పుడు పాదం ఇంకాస్త సాగుతుంది, ముందుకి జరుగుతుంది కాబట్టి సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి. ఆయన రెండోవేలు బొటనవేలికన్నా పొడుగు, దాని గోరు అప్పటికే నల్లబడింది. "అది ఎప్పుడో తగిలించుకున్నా అనుకున్నాను మేడమ్" అన్నారు.

వెడల్పు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. తడి ముద్రలో వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు 9.2 సెంటీమీటర్లు. అదేచోట పాదాన్ని రెండువైపుల నుంచీ కాలిపర్‌తో కొలిస్తే 10.1. పాదం అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వెడల్పైన చోటు నేలని తాకదు, ముద్రలో పడదు. ముద్ర చూసి నాది సన్నపాదమని అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఈయన పాదం బయటి అంచు ఇన్‌సోల్ దాటి నాలుగు మిల్లీమీటర్లు బయటికొచ్చింది. పాదం పైభాగం ఎత్తు, లేసులు కట్టాక అక్కడ బిగుతు, మడమ జారడం, మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా ఉన్న దూరం బూటు వంగే చోటుతో కలవడం, ఇవేవీ ముద్రలో ఉండవు. బూటు కాలికి పట్టిందా లేదా అన్నది వీటిమీదే ఆధారపడుతుంది. నొప్పి సంగతి పక్కనపెట్టినా, ఆయనకి ఆ బూటు అసలు పట్టలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా మూడు ముద్రలు, మూడు రకాల బూట్లు ఉన్న చార్టు గోడకి తగిలించుకుని, దాన్నే చూపించి సలహాలిచ్చాను. ముద్రకీ బూటుకీ ఆ పొంతన ఎంత సూటిగా కనిపిస్తుందంటే ప్రశ్నించాలని తోచదు. తర్వాత అమెరికాలో సైనిక శిక్షణలో చేరినవాళ్లమీద నాపిక్ బృందం చేసిన అధ్యయనాలు చదివాను. సైన్యంలో చేసినది 2009లో, వైమానిక దళం, మెరైన్ దళాల్లో చేసినవి 2010లో వచ్చాయి. ఒక గుంపుకి అరికాలి ఆకారం చూసి మోషన్ కంట్రోల్, వాలడాన్ని అంతకన్నా తక్కువగా ఆపే స్టెబిలిటీ, మెత్తటి కుషన్ బూట్లు ఇచ్చారు. రెండో గుంపుకి ఆకారంతో పనిలేకుండా అందరికీ స్టెబిలిటీ బూట్లే ఇచ్చారు. మూడుచోట్లా గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా చార్టు లెక్కని అంతకన్నా నేరుగా పరీక్షించడం కష్టం. దాన్ని ఆ నెలలోనే తీసేశాను.

అయితే మోషన్ కంట్రోల్ బూట్లు ఎవరికీ పనికిరావని కూడా అనను. లక్సెంబర్గ్‌లో 372 మంది రన్నర్లమీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఆ రకం బూట్లు వాడినవాళ్లకి గాయాలు తగ్గాయి, ఆ లాభం ముఖ్యంగా పాదం లోపలికి వాలేవాళ్లలో కనిపించింది. దానికి ముందు 2014లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనంలో, కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి న్యూట్రల్ బూట్లే ఇచ్చి ఏడాది పాటు చూస్తే, పాదం వాలేవాళ్లకి గాయాలు ఎక్కువేమీ రాలేదు. రెండూ ఒకే దిక్కు చూపడం లేదు. కానీ రెండింటిలోనూ పాదాన్ని అంచనా వేసింది తడి ముద్రతో కాదు. ఫుట్ పోశ్చర్ ఇండెక్స్ అని, నిలబడిన పాదాన్ని ఆరు చోట్ల చూసి, ఒక్కోదానికి మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా మార్కులు వేసే పద్ధతితో. ఈయనకి అందులో 4 వచ్చింది. సున్నా నుంచి ఐదు దాకా మామూలే.

చికిత్స పెద్దగా ఏమీ లేదు. ఆ బూట్లతో పరుగు ఆపించాను. రెండు వారాలు నడక, సైకిల్ మాత్రమే. మడమలు ఎత్తి దించడం రెండు కాళ్లతో మొదలుపెట్టి ఒంటికాలికి వెళ్లాం. రబ్బరు బ్యాండ్‌తో పాదాన్ని బయటికి తిప్పే వ్యాయామం రోజు విడిచి రోజు, 15 చొప్పున మూడు సెట్లు. చేస్తున్నప్పుడు నొప్పి పదిలో మూడు దాటకూడదు, మర్నాటి ఉదయానికి తగ్గిపోవాలి. దాటితే బ్యాండ్ మార్చాలి.

కొత్త బూట్లకి సాయంత్రం వెళ్లమన్నాను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసుకునే సాక్సే వేసుకుని, ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబడి చూసుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు జతలు తొడిగి అక్కడే కాసేపు పరిగెత్తి, కాలికి ఏది హాయిగా ఉందో అది తీసుకోవాలి. రకం ఏదైనా ఫర్వాలేదని చెప్పాను. ఆయనకి ఇది నచ్చలేదు. "హాయిగా ఉంటే సరిపోతుందా? శాస్త్రీయంగా ఏదో ఒకటి ఉండాలిగా?" అన్నారు. ఆ అసంతృప్తి నాకు అర్థమైంది. నంబరు, బొమ్మ చూపిస్తే కలిగే నమ్మకం హాయి అనే మాటతో కలగదు. కానీ పొడవు, వెడల్పు సరిపోయాక ఒకే మనిషికి రెండు రకాల బూట్లలో ఏది మంచిదో ముందే చెప్పగల కొలత నా దగ్గర లేదు. ఆ విషయం అలాగే చెప్పాను. చివరికి ఆయన కొన్నది ఒక సైజు పెద్దది, ముందు వెడల్పున్న న్యూట్రల్ జత.

మూడో వారం నుంచి ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టాం. ఐదో వారంలో ఒకరోజు ఉత్సాహంగా ఆరు కిలోమీటర్లు పరిగెత్తేసి నొప్పి తిరగబెట్టుకున్నారు, నాలుగు రోజులు వెనక్కి వెళ్లాం. తొమ్మిదో వారానికి వారానికి 15 కిలోమీటర్లు, నొప్పి లేకుండా. కుడికాలితో మునివేళ్ల మీద లేవడం 23కి చేరింది.

ఈ కేసు చదివి నిండు ముద్రని పూర్తిగా కొట్టిపారేయకండి. పెద్దవయసులో ఒక కాలి ముద్ర మాత్రమే కొత్తగా చదునవుతూ, చీలమండ లోపలివైపు నొప్పి ఉండి, ఆ కాలితో మునివేళ్ల మీద లేవలేకపోతుంటే, వంపుని మోసే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ దెబ్బతింటోందేమో చూపించుకోవాలి. బొటనవేలు ఎత్తినా వంపు లేవకుండా పాదం బిగుసుకుని ఉంటే కూడా డాక్టరు చూడాలి. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి పాదం వాచి, వేడెక్కి, ఆకారం మారుతుంటే నొప్పి లేకపోయినా అదే రోజు వెళ్లాలి, ఆ పాదం మీద బరువు వేయకూడదు. ఇలాంటప్పుడు ముద్రకి విలువ ఉంది. నిరుటి కాగితం ఉంటే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, రెండు కాళ్లనీ పోల్చుకోవచ్చు. అందుకే నేను ఇప్పటికీ ముద్ర తీస్తాను. తీసి తేదీ వేసి, కాలు అద్దానని రాసి ఫైల్‌లో పెడతాను. బూట్ల మాట వచ్చినప్పుడు ఆ ఫైల్ తెరవను.

పన్నెండో వారం చివరి పరీక్షలో ఆయనే అడిగి మళ్లీ ముద్ర వేయించుకున్నారు. తువ్వాలు మీద అద్ది, తల ఎదురుగా పెట్టి, ఎవరూ చెప్పకుండానే. గడులు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. మధ్య భాగం 23, మొత్తం 92. ఇండెక్స్ 0.25, మొదటి రోజు ఎంతుందో అంతే.